కంద దురద, చింతపండు పులుపు: మన వంటింటి తెలివికి ఉన్న చరిత్ర



నేను ఎనిమిదో తరగతి చదువుతున్నప్పుడు మా హాస్టల్లో ఒక సాయంత్రం చేమదుంపల పులుసు వండారు. వానాకాలం. పొయ్యి కింద కట్టెలు తడిసి ఉన్నాయి, వంట ఆలస్యమైంది. అన్నం పెట్టిన కాసేపటికే ఒకడు గొంతు పట్టుకున్నాడు. తర్వాత ఇంకొకడు. పది నిమిషాల్లో సగం పంక్తి నీళ్ల కుండ దగ్గర చేరింది. నీళ్లు తాగినా జిల తగ్గలేదు. మర్నాడు వినిపించిన మాట మాత్రం ఆ జిల కంటే ఎక్కువ రోజులు నాలో ఉండిపోయింది. "కొండోళ్ల గడ్డలు ఇలాగే ఉంటాయి, మనుషులు తినేవి కావు."

సెలవులకు ఇంటికెళ్లి అవ్వకు చెప్పాను. అవ్వ ఒకే ప్రశ్న వేసింది. "పులుసు ముందు పోశారా, దుంప ముందు ఉడికిందా?" ఆ ప్రశ్నలో ఎంత విషయముందో అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. అర్థమైనంత వరకు ఇక్కడ రాస్తున్నాను.

తెలుగులో అందరికీ తెలిసిన సామెత ఒకటుంది: కందకు లేని దురద కత్తిపీటకెందుకు? సామెత సంగతి ఎలా ఉన్నా, కందకు దురద ఎందుకు లేదు, తిన్నవాడికి ఎందుకు ఉంది అన్నది నిజంగా అడగవలసిన ప్రశ్నే. ఆ దురదకు కారణమైన వస్తువు కంటికి కనిపించదు. కానీ మనిషి చరిత్రలో చాలా పాత సాక్షుల్లో అది ఒకటి.

రాతిపనిముట్టు మీద మిగిలిన సూదులు

పసిఫిక్ సముద్రంలో సోలమన్ దీవుల వరుసకు ఉత్తరాన బుకా అనే దీవి ఉంది. అక్కడి కిలు అనే గుహలో పాతరాతియుగం మనుషులు వాడిన రాతిపనిముట్లు దొరికాయి. వాటి అంచులను సూక్ష్మదర్శిని కింద పరిశీలించిన శాస్త్రవేత్తలు 1992లో ఒక సంగతి ప్రకటించారు. ఆ అంచులకు చేమదుంప జాతి గడ్డల పిండి రేణువులు అంటుకుని ఉన్నాయి. వాటితోపాటు సన్నని సూదుల్లాంటి స్ఫటికాలు కూడా ఉన్నాయి. వాటి వయసు సుమారు 28,000 ఏళ్లు.

ఆ గడ్డ కోసిన చేతులు మట్టిలో కలిసిపోయాయి. గడ్డా మిగల్లేదు. సూది మిగిలింది. మా హాస్టల్ పిల్లల గొంతుల్లో గుచ్చుకున్నదీ అలాంటి సూదే. కాల్షియం ఆక్సలేట్ అనే పదార్థంతో అయిన ఈ స్ఫటికాలను వృక్షశాస్త్రంలో రాఫైడులు అంటారు. ఆ పేరు సూది అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది. నీళ్లలో అవి దాదాపు కరగవు, అందుకే అన్ని వేల ఏళ్లు నిలిచాయి.

దీన్నిబట్టి ఒకటి తేలుతుంది. ఈ గడ్డలు దురద పెడతాయని మనిషికి తెలిసి చాలా కాలమైంది. తెలిసీ వదిలిపెట్టలేదు. తినే దారి వెతికాడు.

మంచి కంద, అడవి కంద

మన కొండల్లోనూ అదే జరిగింది. హైమెండార్ఫ్ అనే పరిశోధకుడు చెంచుల మీద 1943లోనూ, కొండరెడ్ల మీద 1945లోనూ పుస్తకాలు ప్రచురించాడు. అప్పటి చెంచుల తిండిలో తవ్వి తెచ్చుకునే అడవి గడ్డలకు ఎంత చోటుందో, తవ్వుకోలకు ఎంత విలువుందో ఆయన రాతల వల్ల బయటి లోకానికి తెలిసింది. అయితే ఆ అడవి గడ్డల్లో ఎక్కువ భాగం తీగకు కాసేవి. కంద, చేమ వేరే కుటుంబం. ఈ తేడా ఎందుకు ముఖ్యమో చివర్లో చెబుతాను.

కందలోనే రెండు రకాలున్నాయి. అడవిలో దానంతట అది మొలిచేదాని కాడ గరుకుగా, చిన్న చిన్న మొనలతో ఉంటుంది. దాని దురద విపరీతం. పెరట్లో, పొలంలో వేసుకునే కంద కాడ దానికంటే నునుపుగా ఉంటుంది, దురదా తక్కువ. రెండూ ఒకే జాతివే. మరి నునుపు కంద ఎలా వచ్చింది? తరతరాలుగా తవ్వి తెచ్చినవాళ్లు నోటికి నెమ్మదిగా ఉన్న గడ్డను గుర్తుపెట్టుకుని, దాని కన్నునే మళ్లీ నాటుతూ వచ్చారు. కంద గింజతో కాకుండా గడ్డ ముక్కతో మొలుస్తుంది కాబట్టి తల్లి గుణం పిల్లకు అలాగే వస్తుంది. నాలుకతో పరీక్షించి విత్తనం ఎంచుకోవడమంటే ఇదే. గోదావరి ఒడ్డున కొవ్వూరు ప్రాంతపు నాటు కంద నుంచి ఎంపిక చేసిన గజేంద్ర అనే రకం దురద చాలా తక్కువగా ఉండి ఈరోజు దేశంలో చాలాచోట్ల సాగవుతోంది. పరిశోధనా కేంద్రం చేసింది ఆ పాత ఎంపికలో ఆఖరి మెట్టు.

మన కొండల దిగువన ఉన్న సామర్లకోటలో 1781 నుంచి 1793 దాకా విలియం రాక్స్‌బర్గ్ అనే కంపెనీ వైద్యుడు మొక్కల మీద పనిచేశాడు. తెలుగు నేల మొక్కలను బొమ్మలతో సహా పుస్తకాలకెక్కించినవాడు ఆయన. మన కందకు కూడా ఆ పుస్తకాల్లో బొమ్మ ఉంది. అంతకుముందే ఇక్కడివాళ్లు దాన్ని పండించి, వండి తింటున్నారు. శాస్త్రం మన పొలం గట్టు మీదికి వచ్చి పేరు రాసుకుంది. దురద ఎందుకన్న ప్రశ్న మాత్రం ఇంకో వందేళ్లు అలాగే ఉంది.

కలకత్తాలో వచ్చిన జవాబు

మొక్కల్లో సూది స్ఫటికాలు ఉంటాయని ఐరోపా శాస్త్రవేత్తలు 17వ శతాబ్దంలోనే చూశారు. దురదకు అవే కారణమా అన్న ప్రశ్నకు మన దేశంలోనే ఒక మంచి జవాబు దొరికింది. కలకత్తాలో రసాయనశాస్త్రం చెప్పే పెడ్లర్, వార్డెన్ అనే ఇద్దరు 1888లో చేమ కుటుంబపు మొక్కల విషం గురించి ఒక వ్యాసం ప్రచురించారు. ఇందులో కరిగి ఒంట్లోకి ఎక్కే విషమేమీ లేదనీ, కాల్షియం ఆక్సలేట్ సూదులు గుచ్చుకోవడం వల్లే మంట, వాపు వస్తాయనీ వాళ్లు తేల్చారు.

అది ఎలా జరుగుతుందో చూద్దాం. పచ్చి కంద ముక్కలో అక్కడక్కడ కొన్ని ప్రత్యేకమైన కణాలుంటాయి. ఒక్కో కణంలో వందల సూదులు కట్టెల మోపులా కట్టగట్టి ఉంటాయి. ఒక్కో సూది పొడవు మిల్లీమీటరులో పదో వంతు కంటే తక్కువే, రెండు కొసలూ వాడి. మనం ముక్క కొరికినప్పుడు కణం పగిలి, సూదులు బయటికి వచ్చి నాలుకలో, అంగిట్లో, గొంతులో దిగుతాయి. చెక్కు తీసేటప్పుడు వేళ్ల సందుల్లో దిగేవీ ఇవే. నీళ్లు తాగితే తగ్గకపోవడానికి కారణం కూడా ఇదే. దిగిన సూది నీళ్లకు కరగదు.

అయితే ఈ జవాబులో ఒక చిక్కు మిగిలింది. బాగా ఉడికిన చేమదుంపను సూక్ష్మదర్శిని కింద పెడితే సూదులు ఇంకా కనిపిస్తాయి. ఉడికించినంత మాత్రాన కాల్షియం ఆక్సలేట్ పోదు. సూదులున్నా దురద లేదంటే సూది ఒక్కటే కారణం కాదన్నమాట. 20వ శతాబ్దం చివర్లో జరిగిన పరిశోధనలు దీనికి దారి చూపాయి. పచ్చి గడ్డలో సూదులకు అంటుకుని మాంసకృత్తులు, అంటే ప్రోటీన్లు ఉంటాయి. వాటిలో కొన్నింటికి మన చర్మపు ప్రోటీన్లను కొరికే గుణముంది. సూది చిన్న గాయం చేస్తుంది, ప్రోటీన్ ఆ గాయంలోకి దిగి మంట పెడుతుంది. అడవిలో బాణం ములికికి విషం పూసి కొట్టడం పెద్దలకు తెలుసు. ఇదీ అలాంటిదే. ములికి ఒక్కటైతే గీరుకుంటుంది, పూత ఉంటే బాధ పెడుతుంది.

ప్రోటీన్ వేడికి చెడిపోతుంది. కోడిగుడ్డు తెల్లసొన ఉడికితే గట్టిపడి మళ్లీ పచ్చిసొన కానట్టే, సూది మీది పూత కూడా ఉడికాక పనికిరాకుండా పోతుంది. అదే సమయంలో గడ్డలోని పిండి ఉబ్బి జిగురుగా మారుతుంది. పచ్చి ముక్కలోలాగా సూదులు చివ్వున బయటికి రాలేక ఆ జిగురులో చిక్కుకుంటాయి. కాబట్టి దురదకు అసలు మందు మంట. చింతపండుది రెండో స్థానం.

మరి చింతపండు ఏం చేస్తుంది?

చింతపండు దురదను కరిగించేస్తుందని చాలామంది అంటారు. అందులో సగం నిజముంది. చింతపండు పులుపు టార్టారిక్ ఆమ్లం వల్ల వస్తుంది. మామూలు నీళ్లలో కరగని కాల్షియం ఆక్సలేట్ పులుపు నీళ్లలో కొద్దిగా కరుగుతుంది. సూది మొత్తం మాయం కాదు, పైపైన కొంత తరుగుతుంది. ఇక పులుపు ప్రోటీన్‌ను కూడా కొంత దెబ్బతీస్తుంది. పాలల్లో పులుపు పడితే విరిగిపోవడం చూశారు కదా, అలాంటి మార్పే. అంటే చింతపండు మంటకు తోడు నిలుస్తుంది గానీ, మంట చేసే పనిని తను ఒక్కతే చేయలేదు.

దీనికి ఇంకో వైపు ఉంది. అవ్వ ప్రశ్న దాని గురించే. దుంపలు, కూరగాయల కణాల గోడలను ఒకదానికొకటి అతికించే పదార్థం పులుపు నీళ్లలో త్వరగా మెత్తబడదు. కందిపప్పులో చింతపండు ముందే వేస్తే పప్పు పలుకుగా ఉండిపోతుందని వంట చేసే ప్రతి మనిషికీ తెలుసు. చేమదుంప కూడా అంతే. చిక్కటి పులుసులో పచ్చి ముక్కలు వేస్తే పైన ఉడికినట్టు కనిపించి, లోపల గట్టిగా ఉంటుంది. ఆ లోపలి గట్టి భాగంలోనే పూత చెడని సూదులు మిగిలిపోతాయి.

మా హాస్టల్లో జరిగింది ఇదే. తర్వాత వంటమనిషినే అడిగి తెలుసుకున్నాను. కట్టెలు తడి, పొద్దు పోయింది. పచ్చి దుంపలకు చెక్కు తీసి, పెద్ద ముక్కలు కోసి, నేరుగా పులుసులో వేశారు. పులుసు తెర్లగానే దించేశారు. చింతపండు ఎక్కువే వేశామని, దురద రాదని అనుకున్నారు. పులుపు ఎక్కువైంది కాబట్టే ముక్క ఇంకా ఆలస్యంగా ఉడికి ఉంటుంది. తప్పు గడ్డది కాదు, వరస తప్పింది.

సరైన వరస

అవ్వ అరకిలో కంద వండే పద్ధతి చెబుతాను. చేతులు పొడిగా ఉండగానే నూనె రాసుకునేది. కందను కడగక ముందే చెక్కు మందంగా తీసేది. అంగుళం ముక్కలు కోసేది. అంతకంటే పెద్దవైతే నడిమికి వేడి చేరడానికి చాలాసేపు పడుతుంది. ఆ ముక్కలను పలచటి చింతపండు నీళ్లలో పావుగంట నానబెట్టి, ఆ నీళ్లు పారబోసేది. ఇక్కడ పులుపు కోసిన ముక్కల మీద బయటపడ్డ సూదులను కడగడానికి మాత్రమే.

తర్వాత మంచినీళ్లలో ఉప్పు వేసి, ముక్కలు మునిగేలా పెట్టి, నీళ్లు తెర్లడం మొదలయ్యాక ఇరవై నిమిషాలకు తగ్గకుండా ఉడికించేది. ముదురు గడ్డయితే అరగంట. ఒక ముక్క తీసి వేళ్ల మధ్య నొక్కి చూసేది. నడిమి దాకా మెత్తగా నలిగితే అయినట్టు. మధ్యలో పలుకు తగిలితే మళ్లీ మంట పెట్టేది. అయ్యాక ఆ నీళ్లు కూడా వంచేసేది. అప్పుడు నిమ్మకాయంత చింతపండు పిసికిన పులుసు పోసి, ఇంకో పది నిమిషాలు ముక్కకు పులుపు పట్టేదాకా ఉడికించేది. మొదటి ముక్క తనే నోట్లో పెట్టుకుని, కాసేపు ఆగి, ఏమీ లేదనుకున్నాకే మాకు వడ్డించేది.

చేమదుంపకు దారి కొంచెం తేలిక. చెక్కు తీయకుండా, కడిగిన దుంపలను అలాగే నీళ్లలో వేసి, పొట్టు వేలితో లాగితే ఊడివచ్చేదాకా ఉడికించాలి. అప్పుడు నీళ్లు వంచి, పొట్టు తీసి, పులుసులో వేయాలి. ఇలా చేస్తే చేతికి దురద కూడా ఉండదు. దుంప అప్పటికే మెత్తబడింది కాబట్టి పులుపు దాన్ని అడ్డుకోలేదు. చేమాకు విషయంలో మాత్రం తొందర పడకూడదు. ఆకు పలచగా ఉంది కదా అని రెండు నిమిషాలు మగ్గించి దించితే గొంతు పట్టుకుంటుంది. ఆకు పూర్తిగా నలిగి, ముద్దయ్యేదాకా ఉడకాలి.

నిప్పుల్లో కాల్చేటప్పుడు కూడా ఇదే సూత్రం. పైన బొగ్గుగా మారడం గుర్తు కాదు. పుల్ల గుచ్చితే అడ్డు లేకుండా నడిమి దాకా దిగాలి.

ఎక్కడ ఆగాలి

ఈ పద్ధతికి హద్దులున్నాయి. మూడు మాత్రం గుర్తుంచుకోండి.

మొదటిది. ఇది కందకు, చేమకు చెప్పిన పద్ధతి. అడవిలో తీగకు కాసే కొన్ని చేదు గడ్డల్లో ఉండేది సూది కాదు, నీళ్లలో కరిగే అసలైన విషం. మూడేసి ఆకులుండి, కాండానికి ముళ్లుండే ఒక తీగ గడ్డ అలాంటిది. దాన్ని పలచగా తరిగి, రోజుల తరబడి పారే వాగు నీళ్లలో నానబెట్టాకే పెద్దలు తినేవారు. దానికి చింతపండు పనికిరాదు. ఒక్క ఉడుకూ సరిపోదు. గడ్డను గుర్తుపట్టగల పెద్దమనిషి పక్కన లేకుండా అడవి గడ్డ తవ్వి తినకండి.

రెండోది. దురద పోయినంత మాత్రాన ఆక్సలేట్ మొత్తం పోయినట్టు కాదు. మూత్రపిండాల్లో రాళ్లున్నవారు వీటిని తగ్గించి తినాలి, వైద్యుణ్ని అడగాలి. ఉడికించిన నీళ్లు పారబోస్తే కరిగే రకం ఆక్సలేట్ కొంత పోతుంది. భోజనంలో పెరుగు, మజ్జిగ ఉంటే వాటిలోని కాల్షియం మిగిలినదాన్ని కడుపులోనే కొంత పట్టుకుని, రక్తంలోకి పోనివ్వదు.

మూడోది. ఎవరికైనా గొంతు పట్టుకుంటే నోరు పుక్కిలించి ఉమ్మించాలి, చల్లటి పాలో పెరుగో ఇవ్వాలి. కొంచెం చింతపండు చప్పరించడం పెద్దలు చేసేదే. మామూలుగా కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. కానీ నాలుక వాచినా, చొంగ ఆగకుండా కారుతున్నా, గొంతు మారినా, ఊపిరి ఆడకపోయినా ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చిన్నపిల్లలు పచ్చి ముక్క కొరికినప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పట్నాల్లో గదుల మూలల్లో కుండీల్లో పెంచే మచ్చల ఆకుల డీఫెన్‌బేకియా మొక్క కూడా ఈ కుటుంబానిదే. దాని ఆకు నమిలిన పిల్లలకూ ఇదే బాధ వస్తుంది. అంటే ఈ సూది కొండకు మాత్రమే చెందినది కాదు.

పోయిన వానాకాలం మా ఊళ్లో ఒక ఇంట్లో చేమదుంపలు వండుతుంటే వెళ్లాను. పన్నెండేళ్ల పిల్ల పొయ్యి దగ్గర కూర్చుని ఒక దుంప తీసి, ఊది, పొట్టు లాగి చూసింది. సగం ఊడి ఆగిపోయింది. తల్లి పులుసు గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. పిల్ల తల ఊపింది, ఇంకా కాలేదని. తల్లి గిన్నె కింద పెట్టి, ఇంకో కట్టె తోసింది.